ఎవరు నొక్కినా ఒప్పుకున్నట్టే

పత్తాలాడేటాయన బిడ్డనని చెప్పుకోనీకి నాకు మస్తు సిగ్గుండె. పాలు పోసేటాయన బిడ్డనంటే సిగ్గులేదు. శాలిబండ గల్లీల మా ఇంటి వెనుక బర్రెల కొట్టముండె. లా కాలేజీకి పోయే రోజులల్ల గూడ పొద్దుగాల పేడ ఎత్తే పోయిన. ఆ సంగతి ఎవరడిగినా చెప్తుంటి. కానీ పొద్దుగూకినంక అదే కొట్టంల చాప పరుచుకొని పత్తాలు వేసుకునే నలుగురిల మా బాపు ఒకడని మాత్రం నయాపూల్ కోర్టుల ఎవ్వరికీ తెల్వనియ్యలే. నల్లకోటు వేసుకున్నంక ఆ సిగ్గు ఇంకింత పెరిగింది.

పైసల కోసం ఆడేటోడు గాదు బాపు, ఆ మాట నిజం. ఆయనకు రమ్మీ అంటే ఒక పని. పాలు పిండినంత శ్రద్ధగ ఆడుతుండె. ఎవని చేతిల ఏ పత్తా ఉందో, ఏది పడేసిండో, ఏది ఎత్తుకున్నడో అంతా యాదుంచుకుంటుండె. మా అమ్మ మాత్రం, "అంత యాది ఉన్నాయనకు ఉప్పు తెమ్మంటే యాదుండదు" అని దెప్పిపొడుస్తుండె.

ఊరి నడుమ బర్రెలుంచొద్దని లొల్లి పెరిగినంక బాపు ఉన్న బర్రెలను అమ్మేసిండు. కొట్టం ఖాళీ అయింది. ఆడేటోళ్ళల్ల ఇద్దరు చచ్చిపోయిండ్రు. మిగిలింది బాపు, చాచా. చాచాకు చార్మినార్ కాడ గాజుల దుకాణం. బాపుకు చిన్నప్పటి దోస్తు. వాళ్ళింట్ల పత్తాల పేరెత్తితే హరామ్ అంటరు. ఆయనేమో మజీదు కమిటీల ఉన్న పెద్దమనిషి, కొడుకులు, కోడళ్ళు, ఇంటినిండ మంది. దుకాణం లెక్కలు టైపు చేయించుకొస్త అని ఇంట్ల చెప్పి ఆటకు వస్తుండె. ముసలితనంల గిదేం దొంగతనం చాచా అని నేనంటే, "బేటీ, దొంగతనం జేస్తే మాఫీ ఉంటది, పత్తాలకు ఉండదు" అని నవ్వుతుండె.

ఇద్దరితోని రమ్మీ ఏమాడుతరు? అప్పుడే మా గల్లీ మూలకు నెట్ సెంటర్ వచ్చింది. కంప్యూటర్ల రమ్మీ ఆడొచ్చని ఆ సెంటరాయన చూపెట్టిండు. తెర మీద పత్తాలు పడుతున్నయి, ఏ ఊరోళ్ళో ఎదురుగ కూసుంటున్నరు, మొకం కనబడదు. బాపుకు ఇంగ్లీషు రాదు, చాచాకు గూడ అంతంతే. కానీ పత్తాలకు చదువెందుకు? వారం తిరగకముందే ఇద్దరూ పక్కా ఆటగాళ్ళయిండ్రు. ఖాతాలు సెంటరాయనే తెరిచిచ్చిండు. ఒక్కో ఆటకు అందరు కట్టిన పైసలల్ల ఆ ఆట నడిపే కంపెనీ తన వంతు కోసుకొని మిగిలింది గెలిచినోనికి ఇస్తుండె.

ఆ సెంటరాయనది ఒక పద్ధతి ఉండె. పొద్దుగాల షట్టర్ లేపంగనే రోజూ వచ్చే గిరాకీలందరి ఖాతాలు తనే తెరిచి పెడుతుండె. ఎవరి పాస్‌వర్డు ఏందో ఆయనకే ఎరుక. నడుమ తెర మీద ఏ డబ్బా వచ్చి "ఒప్పుకుంటున్నరా?" అని అడిగినా టక్కున నొక్కి మూసేస్తుండె. గిరాకీ వచ్చి కుర్చీల కూసునేసరికి టేబుల్ రెడీగుండాలె, అదీ ఆయన మర్యాద. మా వాళ్ళకు అదొక పెద్ద సౌకర్యం. దాన్ల తప్పేముందో అప్పుడు ఎవ్వరికీ తట్టలే. నేను లాయర్ని, నాక్కూడ తట్టలే.

బాపుదీ చాచాదీ ఇంకో పద్ధతుండె. అది కొట్టం నాటిది. దోస్తులిద్దరు ఒక్క ఆటల ఉన్నప్పుడు ఒకని మొకం ఒకడు చూడొద్దు, మాట్లాడొద్దు, ఆఖరికి దగ్గొద్దు. దగ్గితే సైగ అనుకుంటరని. నెట్ సెంటర్ల గూడ గట్లనే, ఒకాయన ఈ గోడకు, ఇంకొకాయన ఆ గోడకు, వీపులు వీపులు చూపెట్టుకుంట కూసుంటుండ్రి. ఒకసారి చాచాకు నిజంగనే దగ్గొస్తే లేచి బయటికి పోయి దగ్గొచ్చిండట. ఆ లోపల ఆయన టైము అయిపోయి ఆట పోయింది.

పండుగ ముందర కంపెనీ ఒక పెద్ద పోటీ పెట్టింది. బాపు ఒక్కో మెట్టు ఎక్కుకుంట ఆఖరి టేబుల్ దాకా పోయిండు. ఆ టేబుల్ల చాచా గూడ ఉన్నడు. ఆఖరికి బాపు పత్తాలన్నీ కలిపి షో కొట్టిండు. చాచా చేతిల నిండ పత్తాలతోని ఓడిండు. ఇద్దరు కలిసి ఇంటికొచ్చిండ్రు, చాచా మా అమ్మతోని "భాభీ, ఇయ్యాల నీ మొగడు నన్ను నిలువునా దోచిండు" అంటుంటే బాపు చిన్న పోరగాని లెక్క నవ్విండు. బాపు అట్ల నవ్వంగ నేను చానా ఏండ్లకు చూసిన.

గెలిచిన సొమ్ము ఖాతాల పడ్డది. చెక్కు పంపుమని సెంటరాయనతోని రాయించిండు. ఒక వారం, రెండు వారాలు, జవాబు లేదు. తర్వాత ఒకనాడు వచ్చింది. సెంటరాయన దాన్ని చదివి, అర్థం చెప్పలేక, కాగితం మీద అచ్చు తీసి "మీ బిడ్డకు చూపెట్టున్రి" అని చేతికిచ్చిండట. బాపు దాన్ని మడత పెట్టి జేబుల పెట్టుకొచ్చి, నేను అన్నం తింటుంటే కంచం పక్కన పెట్టిండు.

చదివిన. మీ ఖాతా మూసేసినం, ఇంకో ఆటగానితోని కుమ్మక్కై మోసం చేసినరు, రెండు ఖాతాలు ఒక్క కనెక్షన్ నుంచి ఒక్క టేబుల్ల ఆడినయి, మారిన షరతుల ప్రకారం మీ ఖాతాల సొమ్మంతా జప్తు. అభ్యంతరముంటే మధ్యవర్తి దగ్గరికి పోవాలె. అంతే.

"ఏమన్నడు?" అని అడిగిండు బాపు.

"ఖాతా మూసిండ్రట."

"అది సెంటరాయన చెప్పిండు. ఎందుకట?"

చెప్పక తప్పలే. "నువ్వూ చాచా కలిసి మోసం చేసిండ్రట."

బాపు గిలాసల నీళ్ళు తాగి, గిలాస కడిగి బోర్లించి, పోయి మంచంల పండుకున్నడు. అన్నం తినలే. మా అమ్మ ఎంత పిలిచినా లేవలే. ఆయన గట్ల పండుకునుడు చూస్తుంటే నాకు ఆయన మీద జాలి కన్నా ముందు కోపం వచ్చింది. ఈ పాడు పత్తాలు లేకపోతే ఈ మాట పడుతుండెనా? మర్నాడు అదే అన్న గూడ. "పోతే పోనియ్యి బాపూ. దీనికోసం కోర్టుకు పోతే నవ్వుతరు."

"పైసలు పోనియ్యి బిడ్డా" అన్నడు బాపు. "మోసగాడు అన్న మాటను ఎట్ల పోనిస్త? యాభై ఏండ్లు ఆడిన. ఒక్కడన్నా నన్ను ఆ మాట అన్నడా?"

నా సీనియర్ గుంటూరు దిక్కాయన. నయాపూల్ దగ్గర ఆయన ఆఫీసు. ఆయన ముందర ఆ కాగితం పెట్టి "మా గల్లీల ఒకాయనది సార్" అన్న. ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చదివి, నన్ను చూసి, "ఆ ఒకాయన మీ నాన్నగారేనా అమ్మా?" అని అడిగిండు. ఇంటిపేరు కాగితం మీదనే ఉండె. నాకు భూమి చీలితే దాంట్ల పడిపోదామనిపించింది. ఆయన మాత్రం, "పేకాట ఆడితే మనిషి హక్కులు పోతాయా ఏంటి? రేపు ఆయన్ని తీసుకురా" అన్నడు.

బాపు ఇస్త్రీ చేసిన తెల్లంగి వేసుకొని వచ్చిండు. సీనియర్ కంప్యూటర్ల కంపెనీ షరతులన్నీ తెరిచి, వాటిని అచ్చు తీయించి, గంటసేపు చదివిండు. ఆ షరతులు ఎంత పొడుగంటే మా ఆఫీసు క్లర్కు కాగితం బండిల్ ఒకటి కొత్తది విప్పాల్సొచ్చింది. చదివినంక బాపుకు అరటిపండు వొలిచినట్టు చెప్పిండు.

"మొదట్లో మీరు చేరినప్పుడు షరతుల్లో ఒక లైను ఉంది. మేము ఎప్పుడు కావాలంటే అప్పుడు ఈ షరతులు మార్చుకోవచ్చు, మీరు ఆడుతూ ఉంటే ఒప్పుకున్నట్టే అని. ఆ లైను పట్టుకుని, మీ పోటీ అయిపోయాక వీళ్ళు రెండు మార్చారు. ఒకటి, ఒకే కనెక్షన్ నుంచి ఒకే టేబుల్లో ఇద్దరు ఆడితే అది కుమ్మక్కే, వేరే రుజువు అక్కర్లేదని. రెండోది, తగాదా వస్తే కోర్టుకు వెళ్ళకూడదు, మధ్యవర్తే తీర్పు చెప్పాలని. ఆ మధ్యవర్తిని నియమించేది కంపెనీ. కూర్చునేది కంపెనీ ఉన్న ఊళ్ళో. ఫీజులో సగం మీది."

బాపు వింటున్నడు. "అంటే పంచాయితి చెప్పే పెద్దమనిషి వాళ్ళోడే, ఊరు వాళ్ళదే, ఖర్చుల సగం నాదా సార్?"

"అంతే."

"గట్ల పెట్టుకోనీకి చట్టం ఒప్పుకుంటదా?"

"ఒక పక్షం మధ్యవర్తిని ఎంచుకోవడాన్ని ఇప్పటి చట్టం నేరుగా కాదనదండి. ఆయన పక్షపాతి అని మనం రుజువు చెయ్యాలి. ఆయన తీర్పు ఇచ్చాక దాన్ని కొట్టేయించడం ఇంకా కష్టం. తప్పు తీర్పు అంటే సరిపోదు, చట్టం చెప్పిన కొద్ది కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి. అందుకే మనం ఆ గుమ్మం ఎక్కకూడదు."

బాపు అన్నడు, "సార్, ఒక్కటి అడుగుత. ఆట అయిపోయి, షో కొట్టి, పత్తాలు కింద పెట్టినంక జోకర్ మారుస్తరా ఎవరన్నా?"

సీనియర్ పెన్ను కింద పెట్టి నవ్విండు. "కేసంతా ఇదేనమ్మా, రాసుకో" అన్నడు నాతోని. ఒప్పందాన్ని మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలె, ముందు జరిగిపోయిన ఆటకు తర్వాత పుట్టిన షరతు తగలదు, దాన్నే మేము ఇంగ్లీషుల నాలుగు పేజీలు రాసినం.

వినియోగదారుల ఫోరంల కేసేసినం. ఒక్కో టేబుల్‌కు కంపెనీ ఫీజు కోసుకుంటది కాబట్టి అది సేవ, బాపు వినియోగదారుడు. గెలిచిన సొమ్ము ఇయ్యాలె అని అడిగినం. బాపు పట్టుపట్టి ఇంకొకటి రాయించిండు, తను మోసం చెయ్యలేదని ఫోరం తేల్చి చెప్పాలె అని. మోసం చెయ్యలేదని చెప్పాలంటే సాక్ష్యం గావాలె కదా? ఆ టేబుల్ల ఉన్న రెండో మనిషి చాచా. ఆయన ఒక్క ప్రమాణపత్రం ఇస్తే చాలు: మేము వీపులు తిప్పుకొని కూసున్నం, మాట్లాడుకోలే, నేను నిజంగనే ఓడిన అని.

"చాచా పేరు రాయొద్దు" అన్నడు బాపు.

"ఆయన ఖాతా గూడ మూసిండ్రు కదా బాపూ. ఆయనక్కూడ మంచిదే."

"ఆయన రాడు, నేను అడగ. ఆయన ఇంట్ల తెలిస్తే ఆయన ఇజ్జత్ పోతది. ముసలితనంల మనుమల ముందర తల దించుకుంటడా? నోరు మూసుకో."

ఊకుంటే బాగుండు. కానీ నాకు కేసు గెలవాలె. బాపుకు చెప్పకుండ ఒక మధ్యాహ్నం చార్మినార్ కాడికి పోయిన. దుకాణంల మస్తు గిరాకీ ఉంది. పెద్దకొడుకు గల్లా మీద, చిన్నకొడుకు ఆడోళ్ళకు గాజులు చూపెట్టుకుంట, చాచా నడుమ తెల్లగడ్డంతోని కూసొని ఉన్నడు. నన్ను చూడంగనే ఆయన మొకం తెల్లగైంది. నేను నోరు తెరిచే లోపలనే, "ఆవ్ బేటీ ఆవ్, గాజులకు వచ్చినవా? వకీలమ్మ చేతులు బోడిగ ఉంటే ఎట్ల?" అని గట్టిగ అనుకుంట, నా చెయ్యి పట్టుకొని, వేళ్ళు నొక్కి కొలత చూసి, గాజులు తీసిండు. గాజులు ఎక్కిస్తుండంగ నా కళ్ళల్లకు చూస్తనే లేడు. కొడుకులు పక్కననే ఉన్నరు. ఏమని అడగాలె? పైసలు ఇయ్యబోతే తీసుకోలే. "తేరే బాప్‌కు సలాం బోల్" అన్నడు, అంతే. గల్లీల నడుస్తుంటే గాజులు గలగలమంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఒక పెద్దమనిషిని ఆయన సొంత దుకాణంల దొంగను చేసినట్టనిపించింది.

ఇంటికి రాంగనే బాపు గాజులు చూసిండు. "పోయినవా?" అన్నడు. తల దించుకున్న. కొడుతడేమో అనుకున్న. ఆయన కొట్టలే. "నా సిగ్గు నాకు చాలదా బిడ్డా, ఆయనది గూడ తీసుకొచ్చినవు" అన్నడు.

కేసు ఏడాదికి పైననే నడిచింది. బంద్ అని ఒకసారి, ఫోరం మెంబర్ రాలేదని ఒకసారి, కంపెనీ వకీలు వేరే ఊరి నుంచి రావాలని ఇంకోసారి వాయిదాలు. బాపు ప్రతి వాయిదాకూ తెల్లంగి వేసుకొని వస్తుండె. బెంచీ మీద వెనుక కూసుంటుండె. పేరు పిలిచినప్పుడు వకీళ్ళల్ల ఎవడో ఒకడు "పేకాట కేసు వచ్చింది" అని నవ్వుతుండె. నేను కాగితాలు సదురుతున్నట్టు నటిస్తుంటి. బాపుకు వినబడేది నాకు తెలుసు.

వాదన నాడు కంపెనీ వకీలు లేచిండు. చక్కగ మాట్లాడిండు, అది ఒప్పుకోవాలె. ఆయన చెప్పింది మూడు ముక్కలు. మధ్యవర్తిత్వ షరతు ఉంది కాబట్టి చట్టం ప్రకారం ఫోరం ఈ తగాదాను మధ్యవర్తి దగ్గరికి పంపాలె. కొత్త షరతులు వచ్చినప్పుడు పిర్యాదీ ఒప్పుకుంటున్న అని బటన్ నొక్కిండు, కంప్యూటర్ రికార్డు ఉంది. పైగా ఇది జూదం, జూదపు ఒప్పందాన్ని ఏ కోర్టూ అమలు చెయ్యదు.

చూడున్రి ఆ మాట. ఆటకు ఫీజు కోసుకునేటప్పుడు జూదం గాదు, గెలిచినోనికి ఇయ్యాల్సొచ్చినప్పుడు జూదం!

మా సీనియర్ చెప్పిండు. రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు ఎప్పుడో అన్నది, అదీ మన దగ్గర్నుంచి పోయిన కేసులనే. వినియోగదారుల చట్టం ఇచ్చే దారి మిగతా చట్టాల దారులకు అదనం, మధ్యవర్తి షరతు ఉన్నంత మాత్రాన ఫోరం తలుపు మూసుకోదు. ఇక కొత్త షరతుల సంగతి. అవి ఎప్పుడొచ్చినయో కంపెనీయే తన జవాబుల రాసుకుంది, పోటీ ఎప్పుడు ముగిసిందో గూడ రాసుకుంది. ఏది ముందు, ఏది తర్వాత అని మేము రుజువు చేసే పనే లేకుండె.

అప్పుడు ఫోరం ప్రెసిడెంటుగారు వెనుక బెంచీ దిక్కు చూసిండు. "పిర్యాదీ ఉన్నారా? ముందుకు రండి." బాపు పోయి చేతులు కట్టుకొని నిలబడ్డడు.

"మీరు కొత్త షరతులకు ఒప్పుకుంటున్నట్టు బటన్ నొక్కారా?"

సీనియర్ ముందే చెప్పిండు, ఎవరు నొక్కినా మన కేసుకు అవసరం లేదు, ఆ సంగతి ఎత్తొద్దు అని. బాపుకు నేను గూడ చెప్పిన. కానీ అడిగింది జడ్జి.

"నేను నొక్కలే సార్. నెట్ సెంటరాయన నొక్కిండు. పొద్దుగాల అందరివీ ఆయనే నొక్కుతడు."

హాలంతా నవ్విండ్రు. కంపెనీ వకీలు ఎగిరి లేచిండు. "చూశారా సార్! పాస్‌వర్డు వేరేవాళ్ళకి ఇచ్చానని ఆయనే ఒప్పుకుంటున్నాడు. అది కూడా ఉల్లంఘనే. ఈ ఒక్క కారణానికే ఖాతా రద్దు చెయ్యొచ్చు!"

"మీరు రద్దు చేసింది ఆ కారణంతోనా?" అని అడిగిండు ప్రెసిడెంటు.

"కాదు సార్, కానీ..."

"మీ ఉత్తరంలో లేని కారణం ఇప్పుడెందుకు? కూర్చోండి." ఆయన మళ్ళా బాపు దిక్కు తిరిగిండు. "మరి మీరే ఉంటే నొక్కేవారు కాదా?"

"నేనున్నా నొక్కుతుంటి సార్" అన్నడు బాపు. "నొక్కకుంటే తలుపు తెరుచుకోదు. నేను గెలిచింది లోపలున్నది. నొక్కితే ఒప్పుకున్నవంటరు, నొక్కకుంటే లోపలికి రానియ్యరు. నాలాంటోడు ఏం జెయ్యాలె?"

ఈసారి ఎవ్వరూ నవ్వలే. ప్రెసిడెంటు ఏందో రాసుకున్నడు. మా సీనియర్ నా చెవిల, "మనం నాలుగు పేజీలు వేస్ట్ చేశాం" అన్నడు. బాపు వెనక్కి పోతుంటే దారిల ఉన్న వకీలు ఒకాయన కాళ్ళు పక్కకు తీసి జాగ ఇచ్చిండు.

తీర్పు మా దిక్కు వచ్చింది. మధ్యవర్తి అభ్యంతరం కొట్టేసిండ్రు. ఆట అయిపోయినంక కంపెనీ ఒక్కతే మార్చుకున్న షరతు ముందటి గెలుపుకు వర్తించదు, పాత షరతులల్ల లేని కారణంతోని జప్తు చేసుడు సేవల లోపం, సొమ్ము వడ్డీతోని ఇయ్యాలె, ఖర్చులు గూడ ఇయ్యాలె అన్నరు. ఆఫీసుల సీనియర్ అందరికీ సమోసాలు తెప్పిచ్చిండు. నా పేరు చెప్పి మెచ్చుకున్నడు.

నేను తీర్పు నకలు తెచ్చుకొని ఒక్కదాన్నే కూసొని పూర్తిగ చదివిన. ఆఖరి పేజీకి ముందు ఒక పేరా ఉండె. కుమ్మక్కు జరిగిందా లేదా అన్నది తేల్చాలంటే విస్తారమైన సాక్ష్యం గావాలె, పిర్యాదీ రెండో ఆటగాని ప్రమాణపత్రం గూడ దాఖలు చెయ్యలేదు, కాబట్టి ఆ విషయంల మేము ఏ అభిప్రాయమూ చెప్పుతలేము. అంతే రాసిండ్రు. బాపు కోరిన రెండోదానికి జవాబు ఇది.

కంపెనీ అప్పీలుకు పోలే. కొన్నాళ్ళకు చెక్కు పంపింది, పక్కన ఒక కాగితం: మా తప్పు ఒప్పుకోకుండ, కేవలం ఆదేశం పాటిస్తూ పంపుతున్నము అని. ఖాతా మాత్రం తెరవలే. షరతులు మళ్ళా మారినయట, ఎవరినైనా కారణం చెప్పకుండ వద్దనొచ్చునని కొత్త లైను పెట్టిండ్రట. ఆ సంగతి నెట్ సెంటరాయన చెప్పిండు. ఆయన ఇప్పటికీ పొద్దుగాల అందరివీ నొక్కుతనే ఉన్నడు.

తీర్పు పేరా సంగతి ఆ చెక్కు వచ్చిన నాడు బాపుకు ఇంట్ల చదివి చెప్పిన. ఇంక దాచలేకపోయిన. ఆయన రెండుసార్లు చదివించుకున్నడు. "అంటే మోసం చేసిన అనీ అనలే, చెయ్యలే అనీ అనలే" అన్నడు. "అవును బాపూ." ఆయన తల ఊపిండు. కోర్టు మీద కోపం గూడ చెయ్యలే. సాక్ష్యం లేకుండ వాళ్ళెట్ల చెప్తరు అన్నడు. నాకు ఆయన ముందర తల ఎత్తబుద్ధి కాలే. చదువుకున్న బిడ్డ, నల్లకోటు, ఇంగ్లీషు, అన్నీ పెట్టి ఆయనకు పైసలు తెచ్చిచ్చిన. ఆయన అడిగింది తేలే.

ఆ మాటల నడుమనే చాచా వచ్చిండు. చానా నెలల తర్వాత మా గడప తొక్కిండు. చేతిల జిలేబి పొట్లం. లోపలికి రాకుండ గుమ్మం కాడనే నిలబడ్డడు. గాజుల దుకాణంల చూసినప్పటికన్నా చిక్కిపోయి ఉన్నడు.

"గెలిచినవట కదా భాయ్" అన్నడు.

"గెలిచిన. లోపలికి రా."

చాచా కదలలే. నా చేతిలున్న కాగితాల దిక్కు చూసిండు. "పైసల సంగతి గాదు. ఆ మాట... కలిసి దగా జేసిండ్రు అని రాసిండ్రు కదా మన మీద. దాని మీద కోర్టు ఏమన్నది?" గొంతు తగ్గించి అడిగిండు, "నా కాగితం లేకున్నా తేల్చిండ్రా?"

బాపు ఒక్క క్షణం గూడ ఆగలే. "తేల్చిండ్రు. ఇద్దరమూ సాఫ్‌గ ఆడినమని రాసిండ్రు. నీ కాగితం అవసరమే పడలే."

చాచా కండ్లు మూసుకొని గోడకు ఒరిగిండు. పెదవులు కదిలినయి, ఏం చదువుకున్నడో వినబడలే. తర్వాత కండ్లు తెరిచి నన్ను అడిగిండు. "సచ్ బేటీ? నా పేరు గూడ సాఫేనా?"

వకీలును కదా, అందుకే నన్ను అడిగిండు. ఆ పేరా నా చేతిలనే ఉంది, ఆయనకు గంత ఇంగ్లీషు రాదు. బాపు నా దిక్కు చూస్తలేడు, నేల దిక్కు చూస్తుండు.

"సాఫ్ చాచా" అన్న. "సాఫ్‌గ రాసిండ్రు."

చాచా లోపలికొచ్చి, జిలేబి పొట్లం మా అమ్మ చేతికిచ్చి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించిండు.